చిన్నా, ఆ టోపీ సంగతి

చిన్నా,

ఫోన్లో మాట్లాడితే నువ్వు "ఊ, సరే అన్నయ్యా" అని రెండు ముక్కల్లో తేల్చేసి అమ్మకి ఇచ్చేస్తావు. అందుకే ఈ ఉత్తరం. ఎవరూ లేనప్పుడు చదువుకో. అమ్మకి చూపించక్కర్లేదు.

క్లాస్ ఫొటో తీసే రోజు కడుపునొప్పి అని పడుకున్నావట. మధ్యాహ్నానికల్లా లేచి సైకిల్ వేసుకుని పోయావట. ఎండ మండిపోతున్నా చెవుల మీదకి టోపీ లాక్కుంటున్నావనీ, జుట్టు కత్తిరించుకోమంటే అరుస్తున్నావనీ అమ్మ చెప్పింది. "వాడికేమైందో తెలీట్లేదు రా" అంది. నాకు తెలిసిపోయింది. "చేట" అంటున్నారు, అంతేగా?

ముందు నా సంగతి ఒప్పుకోవాలి. ఆ పేరు పెట్టింది వాళ్లు కాదు, నేను. నీకు ఆరేళ్లప్పుడు తలస్నానం చేయించి తల తుడుస్తూ "చేట చెవులోడా" అన్నాను. నువ్వూ నవ్వావు. దాంతో అది ఇంట్లో ఆట అయిపోయింది. ఒక్కసారి మాత్రం నువ్వు నవ్వలేదు. నీ స్నేహితులు వచ్చి గుమ్మంలో నిలబడి ఉన్నారు, వాళ్ల ముందే అన్నాను. నువ్వు రెండు చేతులతో చెవులు మూసుకుని లోపలికి వెళ్లిపోయావు. ఆ రోజు నాకేమీ అనిపించలేదు. ఇప్పుడు రాస్తుంటే అదే కళ్ల ముందు కనిపిస్తోంది. ఆ పేరు మీ క్లాసుదాకా నడిచి వెళ్లింది మన గుమ్మం నుంచేనేమో. సారీ రా. ఇంక ఆ మాట నా నోట రాదు.

"అబ్బే, నీ చెవులు చిన్నవే" అని మాత్రం చెప్పను. చెప్తే నువ్వు నమ్మవు, ఆ తర్వాత నేను చెప్పేదేదీ నమ్మవు. నీ చెవులు కాస్త బయటికే ఉన్నాయి. నాన్నవీ అంతే, పాత ఫొటోల్లో చూడు. ఒక్కటి తెలుసుకో. చెవులు చిన్నతనంలోనే దాదాపు పూర్తి సైజుకి వచ్చేస్తాయి. మొహం, దవడ, భుజాలు తీరిగ్గా తర్వాత పెరుగుతాయి. నీ వయసులో మొహంలో ఒక్కో భాగం ఒక్కో స్పీడులో పెరుగుతుంది. అందుకే ఈ రెండు మూడేళ్లు అద్దంలో ఏదో పొసగనట్టు ఉంటుంది. మొటిమలూ అంతే, ఈ వయసులో హార్మోన్ల వల్ల చర్మంలో నూనె ఎక్కువ ఊరుతుంది, రంధ్రాలు మూసుకుపోతాయి. నువ్వు మొహం సరిగ్గా కడుక్కోక వచ్చినవి కాదు, రోజుకి ఐదుసార్లు రుద్దితే పోయేవీ కాదు. గిల్లకు, మచ్చలు పడతాయి. బాగా ఎక్కువైతే నాతో చెప్పు, చర్మం డాక్టర్ దగ్గరికి వెళ్దాం.

సెల్ఫీలు తీసుకుని డిలీట్ చేస్తున్నావని కూడా విన్నాను. ఫోన్ మొహానికి అంత దగ్గరగా పెడితే ముక్కు ఉన్నదానికంటే వెడల్పుగా పడుతుంది. దగ్గరున్నది పెద్దగా కనిపిస్తుంది, అంతే లెక్క. దాన్ని చూసి నీ మొహానికి మార్కులు వేసుకోకు.

ఇప్పుడు అసలు విషయం. నేను పదో తరగతిలో ఒక్క ఏడాదిలో తాడిచెట్టులా పెరిగిపోయాను, గుర్తుందా? "కరెంటు స్తంభం" అనేవాళ్లు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నేనేం చేశానంటే, వంగడం మొదలుపెట్టాను. ముందు లైనులో నిలబడ్డప్పుడు మెడ కాస్త వంచేవాణ్ణి. తర్వాత భుజాలు. చివరి బెంచీలో కూడా కిందికి జారి కూర్చునేవాణ్ణి. పదో తరగతి అయిపోయాక ఆ పేరు ఎవరికీ గుర్తులేదు. కానీ ఆ వంపు నా దగ్గరే ఉండిపోయింది. మొన్న ఆఫీసులో ఎవరో పక్క నుంచి తీసిన ఫొటో చూసుకున్నాను. అందరూ నిటారుగా ఉన్నారు, నేనొక్కణ్ణీ ప్రశ్నార్థకంలా నిలబడ్డాను. వాళ్లు రోజుకి రెండుసార్లు అనేవాళ్లేమో. నేను మాత్రం రోజంతా వంగాను.

నీ టోపీ చూస్తే నాకదే భయం. వాళ్ల మాట ఒక్క నిమిషం. టోపీ నువ్వు ఎనిమిది గంటలు మోస్తున్నావు.

అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీ వాళ్లు 2000లో అచ్చేసిన ఒక పరిశోధన గురించి ఎక్కడో చదివాను. వేసుకోవడానికి సిగ్గుపడే బొమ్మ ఉన్న టీషర్టు ఒక్కో స్టూడెంటుకి తొడిగి, నలుగురు కూర్చున్న గదిలోకి పంపారు. "నీ టీషర్టు ఎంతమంది చూసి ఉంటారు?" అని బయటికొచ్చాక అడిగితే, దాదాపు సగం మంది అని లెక్క చెప్పారు. నిజంగా గమనించింది నాలుగో వంతు. నీ విషయంలో గమనించేవాళ్లు లేరని అనను, ఉన్నారు. కానీ నీ లెక్కలో ఉన్నంతమంది లేరు. మిగతావాళ్లు ఎవరి మొటిమ గురించి వాళ్లు టెన్షన్ పడుతున్నారు.

ఈసారి "చేట" అన్నప్పుడు ఏం చేయాలో అడుగుతావు. నేను చేసిన పనులు రెండూ చేయకు. వాళ్లతో కలిసి దొంగ నవ్వు నవ్వకు, లోపల ఏడుస్తూ పైకి నవ్వితే వాళ్లు పర్మిషన్ ఇచ్చావనుకుంటారు. వాడి పొట్ట గురించో రంగు గురించో ఎదురు కౌంటర్ కూడా వేయకు. నేను ఒకణ్ణి అలాగే అన్నాను, ఆ వారమంతా వాడు అన్నం డబ్బా విప్పలేదు. గెలిచినట్టు అనిపించలేదు. వాడి మొహంలోకి చూడు. "అవును, నా చెవులే. చెప్పు, ఏం కావాలి?" అను. గొంతు పెంచకు. నువ్వు చేస్తున్న పని మళ్లీ మొదలుపెట్టు. మొదటిసారి గొంతు వణుకుతుంది, వణకనీ. అద్దం ముందు నాలుగుసార్లు అని చూసుకో, నేను ఇంటర్వ్యూలకి అలాగే చేస్తాను. ఒక్కరోజులో ఆగిపోరు. పదోసారికి వాళ్లకే బోరు కొడుతుంది.

చేయి చేసుకున్నా, టోపీ లాక్కుని ఆడించినా, నీ ఫొటో గ్రూపుల్లో పెట్టి ఏడిపించినా మాత్రం ఇవేవీ వద్దు. అది వేరే సంగతి. స్క్రీన్‌షాట్ తీసి ఆరోజే నాకు పంపు, టీచర్‌కి చెప్పు. చాడీ చెప్పినట్టు కాదది.

ధైర్యం వచ్చాక టోపీ తీస్తానని ఆగకు. అది ఎప్పుడొస్తుందో నాకూ తెలీదు. ముందు ఒక పీరియడ్ తీసి బ్యాగులో పెట్టు. నీకు బాగా వచ్చిన లెక్కల పీరియడ్ పెట్టుకో, బోర్డు దగ్గరికి పిలిచినప్పుడు నీ బుర్ర లెక్క మీద ఉంటుంది, చెవుల మీద కాదు. తర్వాత ఇంకోటి. జుట్టు పొడుగ్గా ఉంటే నీకు నచ్చుతుందా, పెంచుకో, అమ్మతో నేను మాట్లాడతా. చెవులు దాచడానికైతే మాత్రం పెంచకు.

వచ్చే నెల రెండో శనివారం వస్తున్నాను. ఒక ఫొటో దిగుదాం, నువ్వు టోపీ లేకుండా, నేను నిటారుగా. నేను వంగి నడుస్తూ కనిపిస్తే వీపు మీద ఒక్కటి వెయ్యి. గట్టిగానే వెయ్యి, నీ బాకీ ఉంది.

నీ
అన్నయ్య