సీసీ రోడ్డు టెండర్: అర్హత చెక్‌లిస్ట్

నోటీసులో ఉన్న పేరా:
"అంచనా విలువ రూ.42 లక్షలు. బిడ్డరుకు చెల్లుబాటులో ఉన్న సివిల్ కాంట్రాక్టర్ రిజిస్ట్రేషన్, పాన్, జీఎస్టీ ఉండవలెను. గత 5 ఆర్థిక సంవత్సరాల్లో రూ.21 లక్షలకు తగ్గని సీసీ రోడ్డు పని ఒకటి పూర్తిచేసి ఉండవలెను. ఈఎండీ రూ.42,000 జతచేయవలెను. సొంత మిక్సర్ గలవారికి ప్రాధాన్యత. ప్రీ-బిడ్ సమావేశానికి హాజరు కావచ్చును."

తప్పనిసరి ("వలెను" అన్నవన్నీ, ఒక్కటి లేకున్నా బిడ్ పోయినట్టే)
☐ రిజిస్ట్రేషన్: గడువు తేదీ చూడాలి. మనది వచ్చే నెలతో ముగుస్తోంది, రెన్యువల్ ఈ వారమే పెట్టాలి.
☐ పాన్, జీఎస్టీ
☐ అనుభవం: "ఒకటి" అన్నారు కాబట్టి 12 లక్షలవి రెండు కలిపి చూపితే కుదరదు. పైగా పూర్తయి ఉండాలి, నడుస్తున్నది లెక్కలోకి రాదు. మన 26 లక్షల కాలనీ రోడ్డు సరిపోతుంది. పూర్తిచేసిన సర్టిఫికెట్ ఏఈ దగ్గర తెచ్చుకోవాలి.
☐ ఈఎండీ రూ.42,000

ఐచ్ఛికం
☐ సొంత మిక్సర్: మనకు లేదు. అద్దెది సొంతమని రాయొద్దు.
☐ ప్రీ-బిడ్: వెళ్దాం. ఈఎండీ డీడీనా, ఆన్‌లైనా అన్నది నోటీసులో లేదు, అక్కడ అడగాలి.