ఆ ఫోటో గురించి

రవీ,

ఫోన్ చేస్తే నవ్వుతూ మాట మార్చేస్తావు, అందుకే రాస్తున్నా. చివరిదాకా చదువు.

నిన్న రాత్రి గ్రూపులో పెట్టిన ఫోటో గురించే. మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి అని తెలిసే పెట్టావు. కింద "ఆరు. కాస్త సన్నబడితే ఏడు" అన్నావు. వరసగా నవ్వు బొమ్మలు పడ్డాయి. అందులో ఒకటి నాది.

ఈరోజు తనే నా డెస్క్ దగ్గరికి వచ్చింది. "నా స్టేటస్ చూశారా? పట్టా తీసుకునేటప్పుడు మా నాన్న వచ్చారు" అంది. ఆయన కాలు ఆపరేషన్ అయ్యాక ఇల్లు దాటి బయటికి రావడం అదే మొదటిసారట. నువ్వు కత్తిరించేసింది ఆయన్నే రా. సరిగ్గా చూడు, ఆ అమ్మాయి భుజం మీద నాలుగు వేళ్లు ఇంకా కనిపిస్తాయి. తను సంతోషంగా చెబుతుంటే నేను తల ఎత్తలేకపోయాను. నా బుర్రలో "ఆరు" అన్న మాటే తిరుగుతోంది.

"తనే పెట్టుకుంది కదా" అంటావని తెలుసు. తను పెట్టుకుంది తెలిసినవాళ్లు చూసి సంతోషిస్తారని. మన గ్రూపులో నలభై మంది ఉన్నారు, సగం మంది తనకి ముక్కూమొహం తెలియని వాళ్లు. వాళ్ల చేతిలో పెట్టి మార్కులు వేయమని తను అడగలేదు.

ఒకసారి నువ్వే అన్నావు, జుకర్‌బర్గ్ కూడా కాలేజీలో ఇదే చేశాడని. నిజమే, 2003లో హార్వర్డ్‌లో ఫేస్‌మాష్ అనే వెబ్‌సైట్ పెట్టి, తోటి విద్యార్థుల ఫోటోలు అడగకుండా తీసుకుని, ఎవరు బాగున్నారో ఓటేయమన్నాడు. కానీ విద్యార్థులు నిలదీస్తే కొద్ది రోజుల్లోనే మూసేసి, క్షమాపణ చెప్పుకున్నాడు. ఆ సగం నువ్వు చెప్పలేదు.

నువ్వు చెడ్డవాడివని రాయడం లేదు. అమ్మకి బాగాలేనప్పుడు మూడు రాత్రులు ఆసుపత్రి బెంచీ మీద పడుకున్నది నువ్వే. రాత్రి డ్యూటీ నర్సుని "అక్కా, మీరు ఏమైనా తిన్నారా?" అని అడిగినవాడివి. ఆ రవి నాకు బాగా తెలుసు. గ్రూపు తెరవగానే వాడు ఎక్కడికి పోతున్నాడో అర్థం కావడం లేదు. నలుగురూ నవ్వుతారనేనా? ఆ నవ్వులో ఇన్నాళ్లూ నేనూ ఉన్నాను, దానికి సిగ్గుపడుతున్నాను. ఈ రాత్రికి ఆ మాట గ్రూపులోనే రాస్తాను. నీ పేరు ఎత్తను, నా తప్పు నేను ఒప్పుకుంటాను. ఇకమీదట అలాంటి ఫోటో ఎవరు పెట్టినా తీసేయమని అక్కడే అడుగుతాను, నువ్వు పెట్టినా సరే.

నువ్వు మాత్రం ముందు ఆ ఫోటో తీసెయ్. అందరి ఫోన్లలోంచీ పోయేలా డిలీట్ చెయ్యాలంటే వాట్సాప్ ఇచ్చేది రెండు రోజులు, ఆపైన కొన్ని గంటలే. పెట్టింది నిన్న రాత్రే కాబట్టి ఇంకా టైముంది. ఎవరైనా సేవ్ చేసుకుని ఉంటే వాళ్లకి నువ్వే ఫోన్ చేసి తీయించు. ఆదివారం ఇంటికి వస్తాను, కోపం ఉంటే అప్పుడు తిట్టు.

నీ
కిరణ్