సెవెన్ ఆఫ్ కప్స్: నీ కెరీర్ ప్రశ్నకు రీడింగ్

చెల్లీ,

వాయిస్ మెసేజ్‌లో జర్మనీ చదువు, బెంగళూరు ఉద్యోగం, గ్రూప్-2, ఇంకా ఏవేవో చెప్పి, "ఇన్నింటిలో నాకు ఏది రాసిపెట్టి ఉందక్కా?" అని అడిగావు. ఆ మాటే మనసులో పెట్టుకుని టారో కార్డుల డెక్ కలిపాను. సెవెన్ ఆఫ్ కప్స్ నిటారుగా వచ్చింది. తోడుగా ఇంకో కార్డు కూడా తీశాను, దాని సంగతి తర్వాత చెప్తాను. నేను పంపిన ఫొటో తెరిచి పెట్టుకుని ఇది చదువు.

ముందు బొమ్మ చూడు. ఈ డెక్ 1909లో లండన్‌లో అచ్చయింది. ఏ.ఈ. వెయిట్ అనే రచయిత చెప్పిన పద్ధతిలో పమేలా కోల్మన్ స్మిత్ అనే చిత్రకారిణి గీసింది. మబ్బుల మీద ఏడు కప్పులున్నాయి, ఒక్కోదాంట్లోంచి ఒక్కోటి పైకి వస్తోంది. ఎదురుగా ఒక మనిషి, మనకు వీపు పెట్టి, నల్లటి నీడలా నిలబడ్డాడు. ఆశ్చర్యంతో చెయ్యెత్తాడు గానీ ఒక్క కప్పునీ ముట్టుకోలేదు. ఆ కప్పుల కింద బల్ల లేదు, నేల లేదు. డెక్‌లో ఎన్నో కార్డుల్లో మనుషుల ముఖాలు కనిపిస్తాయి, ఇక్కడ ఏడు కోరికలూ స్పష్టంగా ఉన్నాయి, కోరుకునే మనిషి మాత్రమే కనిపించడు. నీ మెసేజ్ విన్నాక నాకు ఈ కార్డు రావడం వింతగా అనిపించలేదు.

కాబట్టి ఏ కప్పు తీసుకోవాలో ఈ కార్డు చెప్పదు. చెప్తుందని నేనూ నీకు మాటివ్వను. ఇప్పుడు నువ్వు చూస్తున్నవాటిలో ఏదీ ఇంకా నేల మీదకు దిగలేదని మాత్రం గట్టిగా చెప్తోంది. గోల్డెన్ డాన్ అనే పాత ఇంగ్లీషు గూఢవిద్యా సంఘం వాళ్ళు ఈ కార్డుకు భ్రమతో కూడిన విజయం అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. భయపడకు, నీకు ఓటమి రాసి ఉందని దానర్థం కాదు. గెలిచినట్టు ఊహించుకున్నప్పుడే గెలిచిన తృప్తి కొంత దొరికేస్తుంది. ఆ తృప్తి దొరికాక అప్లికేషన్ నింపడానికి చెయ్యి రాదు.

జర్మనీ విషయమే తీసుకో. ట్రామ్ గురించి, మంచు గురించి, హాస్టల్ గదిలో సొంతంగా వండుకోవడం గురించి ఎంత బాగా చెప్పావో! మన చదువు కాగితాలు సరిచూసి ఇచ్చే ఏపీఎస్ సర్టిఫికెట్, అక్కడి ఖర్చుల డబ్బు ముందే వేసి చూపించాల్సిన బ్లాక్డ్ అకౌంట్, జర్మన్ క్లాసులు, వీటి మాట ఒక్కసారి కూడా రాలేదు. కార్డులో కోట ఉన్న కప్పు అదే. కోట బాగుంది, అక్కడికి మెట్లెక్కడున్నాయో నువ్వింకా వెతకలేదు.

నగలున్న కప్పు బెంగళూరు ప్యాకేజీ. దాని గురించి పెద్దగా చెప్పేదేం లేదు. డబ్బు కావాలనుకోవడం తప్పు కాదు, ఇంట్లో అవసరం ఉందని నువ్వే అన్నావు.

పచ్చటి దండ ఉన్న కప్పు దగ్గర కాసేపు ఆగాలి. అది గ్రూప్-2. మీ నాన్నగారు స్టీల్ ప్లాంట్‌లో చేసిన ఇన్నేళ్ళూ కూతుర్ని ఆఫీసర్‌గా చూడాలనుకున్నారని చెప్పావు. ఫొటో కొంచెం పెద్దది చేసి చూడు, ఆ దండ ఉన్న కప్పు మీద లీలగా పుర్రె ఆకారం కనిపిస్తుంది. ప్రతి గెలుపుకూ ఒక ఖర్చు ఉంటుందని నేను దాన్ని చదువుతాను. ద్వారకానగర్‌లో కోచింగ్‌లో చేరితే స్క్రీనింగ్, మెయిన్స్, మధ్యలో నోటిఫికేషన్ కోసం ఎదురుచూపులు, అదంతా నీ వయసులోంచే పోతుంది. ఆ ఖర్చు ఇష్టంగా పెడతానంటే అది మంచి దారే. నాన్న ముఖం చూసి పెడతానంటే మాత్రం రెండో ఏడాదికే ఆయన మీద కోపం మొదలవుతుంది. నీ దగ్గర ఆ కోపం అప్పుడే కొంచెం వినిపించింది.

మనిషి తల ఉన్న కప్పు కూడా నీకు బాగా తెలుసు. బీటెక్‌లో నీ పక్కన కూర్చున్న అమ్మాయి పేరు నీ మెసేజ్‌లో ఎన్నిసార్లు వచ్చిందో మళ్ళీ విను. ఆ అమ్మాయికి ఉద్యోగం వచ్చిన రోజే నీ లిస్టులోకి బ్యాంక్ పీఓ వచ్చింది. అంతకుముందు ఆ ఊసే లేదు. పక్కవాళ్ళను చూసి పుట్టిన కోరికను నా అనుభవంలో చాలామంది నిలబెట్టుకోలేకపోయారు. దాన్ని లిస్టులోంచి ఈరోజే కొట్టేయమని చెప్తాను.

పాము, డ్రాగన్ వదిలేద్దాం. రీల్స్ చేసి ఆర్నెల్లలో పేరు తెచ్చుకోవడం, చుట్టాల నోళ్ళు మూయించడం. రెండూ కోపంలోంచి వచ్చిన కలలే, కోపం తగ్గితే అవీ తగ్గుతాయి.

ఇక మిగిలింది పైవరసలో మధ్య కప్పు. బట్ట కప్పుకుని, చేతులు చాచి, చుట్టూ వెలుగుతో నిలబడ్డ ఆకారం. లోపల ఎవరున్నారో తెలీదు. కొందరు అది మనలోనే ఉన్న, మనం ఇంకా చూడని మనిషి అంటారు. నేనూ అలాగే చదువుతాను. నీ మెసేజ్‌లో కూడా అలాంటి మాట ఒకటుంది. అమ్మమ్మ వినికిడి మిషన్ ఈల వేస్తుంటే విప్పి చూశానని, ఫైనలియర్ ప్రాజెక్టుకు దాని సర్క్యూటే తీసుకున్నానని, ఆ నెలల్లో ఫోన్ చూడటం కూడా గుర్తు రాలేదని అన్నావు. వెంటనే "అది ప్రాజెక్టేలే అక్కా, వదిలెయ్" అనేసి జర్మనీకి వెళ్ళిపోయావు. మొత్తం మెసేజ్‌లో నువ్వు చేతులతో చేసిన పని అదొక్కటే. మిగతావన్నీ చూసినవీ, విన్నవీ.

మీ గాజువాక వైపే స్టీల్ ప్లాంట్ దగ్గర మెడ్‌టెక్ జోన్ ఉంది. అక్కడ వైద్య పరికరాలు తయారుచేసే కంపెనీలున్నాయి. ఈసీఈ చదివిన పిల్లకు ఆ దారి ఒకటుందని నీ లిస్టులోనే లేదు. అదే నీ జీవితం అని నేను అనను. వెలుగున్న కప్పు మీది బట్ట తీసి చూడమంటున్నాను, అంతే. చూశాక నచ్చకపోతే పక్కన పెట్టు, అప్పుడు అది తెలిసి వదిలేసినట్టవుతుంది.

తోడుగా వచ్చిన కార్డు ఎయిట్ ఆఫ్ పెంటకిల్స్. బెంచీ మీద కూర్చుని ఒకడు ఉలితో బిళ్ళ చెక్కుతున్నాడు. చేసినవి పక్కన స్తంభానికి వేలాడుతున్నాయి, ఊరు దూరంగా ఉంది. తల ఎత్తడు, ఎవరు చూస్తున్నారో పట్టించుకోడు. సెవెన్ ఆఫ్ కప్స్ పక్కన ఇది వచ్చినప్పుడు నాకు ఎప్పుడూ ధైర్యంగా ఉంటుంది. మబ్బుల కార్డుకు మందు ఆలోచన కాదు, చేతిపని.

అందుకని నీకు పని చెప్తున్నాను. గ్రూప్-2, జర్మనీ, వినికిడి మిషన్లు, ఈ మూడే కాగితం మీద ఉంచు. ఒక్కోదానికి ఒక్కో మామూలు రోజు గడుపు. ఒక రోజు పబ్లిక్ లైబ్రరీలో కూర్చుని పాలిటీ చదువు, సాయంత్రానికి ఎలా ఉందో రాసుకో. ఒక రోజు యూనివర్సిటీల అడ్మిషన్ పేజీలు చదివి ఖర్చు లెక్క వెయ్యి. ఒక రోజు మీ ప్రాజెక్ట్ గైడ్‌ని కలిసి, పరికరాల కంపెనీలో పనిచేసే సీనియర్ ఎవరైనా ఉన్నారా అని అడుగు. ఆ మూడు రోజులూ బీచ్‌కి వెళ్ళి అలలు చూస్తూ ఆలోచించడం వద్దు. ఆ అలవాటు నీకు బాగా ఉందని నువ్వే చెప్పావు కదా.

ఈలోగా టెన్షన్ ఎక్కువై నిద్ర పట్టకపోతే, తిండి సయించకపోతే, కార్డుల దగ్గరకు రాకు. అమ్మకు చెప్పి డాక్టర్‌ని కలువు.

ఇదే ప్రశ్నకు మళ్ళీ కార్డు తియ్యమని వారంలోపే అడుగుతావని నాకు తెలుసు. తియ్యను. ఆ మూడు రోజుల రాతలు నాకు ఫొటో తీసి పంపు, వాటిని పక్కన పెట్టుకునే తర్వాతి కార్డు తీస్తాను. దానికి డబ్బులేమీ ఇవ్వక్కర్లేదు.

అక్క
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం