పాత బాకీ ఒకేసారి తీర్చుకోవడానికి సవరించిన రాజీ ప్రతిపాదన

విజయవాడ ఆటోనగర్,
10 జూన్ 2025

అన్నగారికి నమస్కారం.

పోరంకి అపార్ట్‌మెంట్‌కు 2022లో మేం చేసి ఇచ్చిన గేట్లు, రెయిలింగుల మూడు బిల్లుల్లో ఇంకా రావలసింది రూ.6,40,000. ఏప్రిల్‌లో నేను రూ.5,50,000 అడిగాను. మీరు నాలుగు లక్షలు, అదీ పది నెలల వాయిదాల్లో ఇస్తామన్నారు. మళ్ళీ వాయిదాలంటే నా వల్ల కాదు. అందుకే మొత్తం తగ్గించుకుని, ఒకేసారి రూ.4,75,000 ఇస్తే సరిపెట్టుకుంటాను.

ఈ అంకె బేరం కోసం వేసింది కాదు. లెక్క చూడండి. రెండో అంతస్తు బాల్కనీ రెయిలింగ్ తుప్పు పట్టిన మాట నిజం. ప్రైమర్ సరిగా ఆరకముందే రంగు వేశాం, తప్పు మాదే. దానికి మీరు పట్టుకున్న రూ.58,000 వదిలేస్తున్నాను. మెట్ల గ్రిల్ కొలతల తేడా రూ.74,000. మీ సైట్ ఇంజనీర్ సంతకం నా దగ్గర ఉన్నా అందులో సగం, రూ.37,000, వదులుకుంటున్నాను. మిగిలిన రూ.5,45,000లో ఒకేసారి ఇస్తున్నందుకు ఇంకో రూ.70,000 తగ్గించాను. వడ్డీ అసలు కలపలేదు. 2006 ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం ఆలస్యమైన సొమ్ముకు రిజర్వ్ బ్యాంక్ రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ అడగవచ్చని మీకూ తెలుసు.

డబ్బు జూన్ 30 సాయంత్రం 5 గంటల లోపు, బిల్లుల మీద ఉన్న ఖాతాకే ఆర్టీజీఎస్‌లో రావాలి. టీడీఎస్ బిల్లులప్పుడే పట్టారు కాబట్టి ఇందులో ఏ పేరుతోనూ కోత ఉండకూడదు. జీఎస్టీ మొత్తం బిల్లు మీద నేను ఎప్పుడో కట్టేశాను, తగ్గించిన సొమ్ముకు క్రెడిట్ నోట్ ఇచ్చే గడువు దాటిపోయింది. దయచేసి అది అడగవద్దు.

సొమ్ము జమ అయిన ఏడు రోజుల్లో ఫెసిలిటేషన్ కౌన్సిల్‌లో వేసిన దరఖాస్తు వెనక్కి తీసుకుంటాను. మీరిచ్చిన రెండు లక్షల చెక్కు తిరిగి ఇస్తాను, బాకీ లేదని రాసిస్తాను. మీరు కూడా ఈ పని గురించి ఇక ఏ నష్టపరిహారమూ అడగబోమని రాసివ్వాలి.

ఆ తేదీ దాటితే ఈ ప్రతిపాదన చెల్లదు. రూ.6,40,000, వడ్డీ రెండూ నా క్లెయిమ్‌లోనే ఉంటాయి. ఇది రాజీ కోసం రాసిన ఉత్తరమే కాబట్టి, కుదరకపోతే తక్కువకు ఒప్పుకున్నానని కౌన్సిల్‌లో గానీ కోర్టులో గానీ దీన్ని చూపకూడదు.

అన్నగారూ, ఆ పని చేసిన నలుగురు వెల్డర్లకు నేను అప్పు తెచ్చి కూలి ఇచ్చాను. ఆ అప్పులో ఇంకా మిగిలింది నాలుగున్నర లక్షలు. ఇంతకంటే దిగలేను అనడానికి కారణం అదే. ఈ సొమ్ము చేతికొస్తే నా మీద టెన్షన్ పోతుంది, మీ మీద కేసూ పోతుంది.

సమ్మతమైతే రెండో ప్రతి మీద సంతకం, స్టాంపు వేసి జూన్ 20 లోపు మా అబ్బాయి చేతికి ఇవ్వండి. ఏదైనా మాట మార్చాలనిపిస్తే అంతకుముందే ఫోన్ చేయండి, వచ్చి కూర్చుంటాను.

ఇట్లు,
ఫ్యాబ్రికేషన్ వర్క్‌షాప్ యజమాని