చిన్న రైతు పంపుసెట్, బోరు మోటారు, కోళ్ల షెడ్డు బీమా పాలసీ

ఈ పాలసీ రంగారెడ్డి జిల్లా ఫరూఖ్‌నగర్ మండలంలోని సర్వే నంబరు 214/అ లో మూడున్నర ఎకరాలకు పట్టాదారైన మీకు మేము ఇస్తున్నది. కింద "మీరు" అంటే ఆ పట్టాదారు, ఆయన తదనంతరం చట్టబద్ధ వారసులు. "మేము" అంటే బీమా సంస్థ. ప్రపోజల్ ఫారంలో మీరు రాసి సంతకం పెట్టిన వివరాలను నమ్మి, ప్రీమియం ముందుగా అందుకున్నాకే ఈ పాలసీ ఇస్తున్నాం. ప్రీమియం అందకుండా బీమా మొదలుకాదని 1938 బీమా చట్టం 64వీబీ సెక్షన్ చెబుతుంది.

కాలం: 2025 జూలై 1 00:00 గంటల నుంచి 2026 జూన్ 30 అర్ధరాత్రి వరకు.

1. ఏ వస్తువుకు ఎంత

బోరు మోటారు: 7.5 హెచ్‌పీ త్రీఫేజ్ సబ్‌మెర్సిబుల్ పంపుసెట్, 380 అడుగుల బోరులో 320 అడుగుల దగ్గర దించినది, 2022లో కొన్నది. బీమా మొత్తం రూ. 48,000. దాని పైపులు, కేబుల్ కలిపి రూ. 42,000. స్టార్టర్ డబ్బా, అందులోని ప్రివెంటర్‌తో సహా రూ. 9,000. నీళ్ల తొట్టి దగ్గరి 5 హెచ్‌పీ మోనోబ్లాక్ మోటారు రూ. 21,000. పంపుసెట్ల మొత్తం రూ. 1,20,000.

కోళ్ల షెడ్డు: 120 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు, ఇనుప ట్రస్సులు, సిమెంటు రేకులు, పక్కల జాలీ, పరదాలతో రూ. 6,80,000. లోపలి మేత తొట్లు, నీళ్ల గిన్నెలు, ఫ్యాన్లు, బ్రూడర్లు, లైటు వైరింగు రూ. 85,000.

కోళ్లకు ఈ పాలసీ వర్తించదు. పిల్లలు, మేత కంపెనీవి, షెడ్డు, కూలి మీవి అనే ఒప్పందం మీద మీరు పెంచుతున్నారు కాబట్టి ఆ కోళ్లు మీ ఆస్తి కావు. సొంత కోళ్లు పెంచితే వాటికి వేరే పాలసీ తీసుకోవాలి. షెడ్డు కాలి కోళ్లు చచ్చినా, కరెంటు పోయి ఎండకు చచ్చినా ఈ పాలసీ కింద డబ్బు రాదు. ఆ బ్యాచ్‌కు రావాల్సిన పెంపకం కూలి నష్టానికీ రాదు.

ప్రీమియం: పంపుసెట్లకు రూ. 3,600. షెడ్డుకు, లోపలి సామానుకు రూ. 2,380. వ్యవసాయ పంపుసెట్ బీమాకు జీఎస్టీ మినహాయింపు ఉంది కాబట్టి 18 శాతం పన్ను షెడ్డు భాగం మీదే పడుతుంది, అది రూ. 428. మీరు కట్టినది రూ. 6,408.

2. అగ్ని

మంటలు, పిడుగు, గ్యాస్ బ్రూడర్ పేలుడు, వీటివల్ల పై వస్తువులకు నష్టం జరిగితే చెల్లిస్తాం. మంట ఆర్పడానికి వాడిన నీళ్లవల్ల పాడైన సామానుకూ చెల్లిస్తాం.

పక్క పొలంలో వరి కొయ్యలకు నిప్పు పెడితే గాలికి మంట మీ షెడ్డు పరదాలకు అంటుకుందనుకోండి, అది క్లెయిమే. మీరే లేదా మీ కూలీలే షెడ్డుకు 50 అడుగుల లోపు కొయ్యలో చెత్తో తగలబెట్టి అంటించుకుంటే కాదు. బ్యాచ్ తీసేశాక లోపల పరిచిన ఊకను బయట కుప్ప పోస్తారు. ఆ కుప్పను షెడ్డు గోడకు ఆనించి వదలకండి. కుప్పలో మొదలైన మంట షెడ్డుకు పాకితే, కుప్ప 20 అడుగుల దూరంలో ఉందా లేదా అని నష్టం అంచనా వేసే సర్వేయర్ తప్పకుండా చూస్తారు.

బ్రూడింగ్ రోజుల్లో షెడ్డులో రాత్రంతా ఒక మనిషి ఉండాలి. ఇసుక బకెట్లు నాలుగు, నీళ్ల డ్రమ్ము ఒకటి తలుపు దగ్గర ఉండాలి. ఇవి లేవన్న ఒక్క కారణం చూపి క్లెయిమ్ మొత్తం తిరస్కరించం. ఆ జాగ్రత్త లేకపోవడం వల్ల పెరిగిన నష్టం మేరకే తగ్గిస్తాం.

గాలివానకు రేకులు లేచిపోవడం, వరద, భూకంపం ఈ పాలసీలో లేవు. మే నెలలో ఈదురుగాలులకు ఎన్ని షెడ్లు నేలమట్టమవుతాయో మీకు తెలిసిందే. కావాలంటే అదనపు ప్రీమియంతో చేర్చుకోవచ్చు, కానీ గాలి వచ్చాక కాదు.

3. కరెంటు లోపాలు

మామూలు అగ్ని పాలసీల్లో షార్ట్ సర్క్యూట్ వల్ల మంట వేరేచోటికి పాకితే డబ్బిస్తారు, కాలిన మోటారుకు మాత్రం ఇవ్వరు. ఈ పాలసీలో కాలిన మోటారుకే ఇస్తాం. లో వోల్టేజీ, హై వోల్టేజీ, ఒక ఫేజ్ పోవడం, షార్ట్ సర్క్యూట్, కేబుల్ జాయింట్‌లోకి నీరు చేరడం, వీటివల్ల వైండింగ్ కాలితే, స్టార్టర్, ఫ్యాన్లు, షెడ్డు వైరింగు పాడైతే చెల్లిస్తాం.

ఆటో స్టార్టర్ గురించి. కరెంటు రాత్రి ఎప్పుడొస్తుందో తెలియని కాలంలో అందరూ పెట్టుకున్నారు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలయ్యాక తీసేయమని ప్రభుత్వమే చెప్పింది, అయినా చాలా బోర్ల దగ్గర అలాగే ఉన్నాయి. ఆటో స్టార్టర్ ఉందని క్లెయిమ్ ఆపం. కానీ అది ఉన్న మోటారుకు డ్రై రన్ ప్రివెంటర్ కూడా ఉండి తీరాలి. బోరులో నీళ్లు అడుగంటాక మోటారు ఊరికే తిరిగి కాలితే, డ్రై రన్ ప్రివెంటర్ లేదని తేలితే, రూపాయి కూడా చెల్లించం. ఉండీ పనిచేయకపోతే చెల్లిస్తాం. సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ త్రీఫేజ్ మోటార్లన్నిటికీ తప్పనిసరి.

కాలిన మోటారును పైకి తీసి మళ్లీ దించడానికి క్రేనుకు, మనుషులకు అయ్యే ఖర్చు ఒక క్లెయిమ్‌కు రూ. 4,000 వరకు విడిగా ఇస్తాం.

అరుగుదల, బేరింగులు పోవడం, ఇసుకకు ఇంపెల్లర్లు అరగడం, బోరు ఎండిపోవడం, బోరు కూలి మోటారు లోపల ఇరుక్కుపోవడం, తాడు తెగి మోటారు పడిపోవడం దీనిలోకి రావు. సర్వీసు కనెక్షన్ లేకుండా లైను మీద కొక్కెం తగిలించి నడిపిన మోటారుకు ఏ నష్టానికీ చెల్లించం. ట్రాన్స్‌ఫార్మర్ విద్యుత్ పంపిణీ సంస్థది, దాని నష్టం మాకు సంబంధం లేదు. అది కాలితే 1912కు ఫోన్ చేయాలి.

4. దొంగతనం

తాళం పగలగొట్టి, గోడకు కన్నం వేసి, జాలీ కోసి, బోరు క్లాంపు విప్పి లేదా కేబుల్ తెంచి వస్తువు ఎత్తుకుపోతే చెల్లిస్తాం. బోరు పైనుంచి స్టార్టర్ వరకు ఉన్న కేబుల్‌ను రాగి కోసం కోసుకుపోవడమే ఎక్కువగా జరుగుతుంది, అదీ ఇందులోకి వస్తుంది. కేబుల్ కోసినప్పుడు మోటారు కాలితే అది కూడా ఇదే క్లెయిమ్.

స్టార్టర్ డబ్బాకు తాళం, బోరు మూతికి బోల్టులతో క్లాంపు ఉండాలి. మోనోబ్లాక్ మోటారు సిమెంటు దిమ్మెకు బిగించి ఉండాలి. విడిగా ఆరుబయట పడేసినది పోతే చెల్లించం. మీ ఇంటివాళ్లు, జీతగాళ్లు, పొలం కౌలుకు చేసేవాళ్లు తీసుకుపోయినదానికి, లెక్క చూస్తే తక్కువ తేలిందనే సామానుకు ఈ బీమా లేదు. షెడ్డు వరుసగా 30 రోజులకు మించి ఖాళీగా, కాపలా లేకుండా ఉంటే లోపలి సామాను దొంగతనం బీమా ఆ రోజుల తర్వాత ఆగిపోతుంది. బ్యాచ్‌కీ బ్యాచ్‌కీ మధ్య విరామం సాధారణంగా అంతకంటే తక్కువే.

5. నష్టం జరిగితే

తెలిసిన 48 గంటల్లో మాకు ఫోన్‌లో గానీ బ్రాంచిలో గానీ చెప్పండి. మంటలైతే 101కు, దొంగతనమైతే 100కు ముందు ఫోన్ చేయండి. దొంగతనానికి ఎఫ్‌ఐఆర్ కాపీ కావాలి. అది పోలీసులు ఉచితంగా ఇవ్వాలి. వస్తువు దొరకలేదనే తుది నివేదిక పోలీసుల నుంచి 60 రోజుల్లో రాకపోతే, దొరికితే తిరిగి అప్పగిస్తానని మీరు రాసిచ్చిన కాగితం మీద చెల్లిస్తాం.

మోటారు కాలిన రోజే మెకానిక్ దగ్గరికి పట్టుకెళ్లడం సహజం, పైరు ఎండుతుంటే ఎవరూ ఆగలేరు. అందుకని ఇలా పెట్టాం: మీరు కబురు చెప్పిన 48 గంటల్లో మా మనిషి రాకపోతే, మోటారు నంబరు ప్లేటు, కాలిన వైండింగ్ కనిపించేలా ఫొటోలు తీసి వైండింగ్ చేయించుకోండి. పాత రాగి తీగ మెకానిక్‌కు ఇచ్చేయకుండా ఉంచండి. కబురు చెప్పకుండానే విప్పిస్తే మాత్రం క్లెయిమ్ నిలవదు.

కావాల్సిన కాగితాలు: క్లెయిమ్ ఫారం, పాసుపుస్తకం నకలు, చివరి కరెంటు బిల్లు లేదా సర్వీసు నంబరు ఆధారం, రిపేరు బిల్లు. మోటారు కొన్న బిల్లు పోయిందంటే నంబరు ప్లేటు ఫొటో చాలు. సర్వేయర్ నివేదిక 15 రోజుల్లో, అది అందాక మా నిర్ణయం 7 రోజుల్లో.

6. ఎంత ఇస్తాం

రిపేరు సాధ్యమైతే రిపేరు ఖర్చు, తరుగుదల కోయకుండా. ఉదాహరణకు వైండింగ్‌కు రూ. 9,500 అయింది, పాత రాగి విలువ రూ. 1,500, లాగి దించడానికి రూ. 3,500. అంటే నష్టం రూ. 11,500. కరెంటు లోపం క్లెయిమ్‌లో మొదటి రూ. 1,000 మీరే భరించాలి కాబట్టి చేతికి రూ. 10,500.

పూర్తిగా పోయినా, దొంగలెత్తుకుపోయినా, కొత్తదాని ధరలోంచి ఏడాదికి 10 శాతం చొప్పున, గరిష్ఠంగా సగం వరకు తరుగుదల తీసి, బీమా మొత్తానికి మించకుండా ఇస్తాం. దొంగతనంలో నష్టం మీద 10 శాతం, అగ్నిలో రూ. 2,500 మీ వాటా.

షెడ్డును తక్కువ విలువకు బీమా చేస్తే నష్టపరిహారమూ అదే లెక్కన తగ్గుతుంది. నష్టం జరిగిన రోజు షెడ్డు కట్టడానికి రూ. 10,20,000 అవుతుందని తేలితే, మీ బీమా రూ. 6,80,000 అంటే మూడింట రెండు వంతులు. రూ. 3,00,000 కాలిపోతే మీకు వచ్చేది రూ. 2,00,000, అందులోంచి మీ వాటా పోను. తేడా 15 శాతం లోపు ఉంటే ఈ కోత పెట్టం. సిమెంటు, ఇనుము ధరలు పెరిగినప్పుడు పాలసీ మధ్యలోనే బీమా మొత్తం పెంచుకోవచ్చు.

షెడ్డు మీద బ్యాంకు అప్పు ఉన్నంతకాలం షెడ్డు క్లెయిమ్ డబ్బు ముందు బ్యాంకు ఖాతాకు వెళ్తుంది. పంపుసెట్ల డబ్బు నేరుగా మీకే.

7. రద్దు, మార్పులు, ఫిర్యాదులు

మీరు ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు. క్లెయిమ్ లేకపోతే మిగిలిన రోజుల ప్రీమియం వాపసు. మోసం తేలితేనే మేము రద్దు చేస్తాం, 7 రోజుల నోటీసుతో. మోటారు మార్చినా, మరో బోరులో దించినా, షెడ్డు పొడిగించినా 15 రోజుల్లో చెప్పండి. యుద్ధం, అణు ప్రమాదం, కావాలని చేసిన నష్టం ఎక్కడా చెల్లవు.

మా నిర్ణయం నచ్చకపోతే ముందు మా ఫిర్యాదుల అధికారికి రాయండి. తర్వాత బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా నంబరు 155255కు ఫోన్ చేయండి. నెలలోపు జవాబు రాకపోయినా, జవాబు సరిగా లేకపోయినా, ఏడాదిలోపు హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు ఖర్చు లేకుండా ఫిర్యాదు చేయవచ్చు, వకీలు అక్కర్లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే హక్కు మీకు విడిగా ఉంది.