మీ ఆర్డర్ కన్ఫర్మేషన్ ఆలస్యమైంది, క్షమించండి

నమస్కారం,

సోమవారం రాత్రి 11:40 నుంచి మంగళవారం ఉదయం 7:15 దాకా ఆర్డర్ చేసినవారికి మా నుంచి కన్ఫర్మేషన్ మెయిల్ వెళ్లలేదు. డబ్బు కట్ అయ్యాక మెయిల్ రాకపోతే ఎంత టెన్షన్‌గా ఉంటుందో మాకు తెలుసు. తప్పు పూర్తిగా మాదే.

ఈ మెయిల్స్ పంపే ప్రోగ్రామ్ 5 నిమిషాలకోసారి దానంతటదే నడుస్తుంది. ఆ రాత్రి సర్వర్‌లో డిస్క్ నిండిపోయి అది మధ్యలోనే ఆగిపోయింది. ‘నేను నడుస్తున్నాను’ అని పెట్టుకున్న గుర్తు మాత్రం చెరిగిపోలేదు. దాంతో తర్వాత మొదలైన ప్రతిసారీ, పాతది ఇంకా నడుస్తోందనుకుని వెనక్కి తగ్గింది. అలారం కూడా మోగలేదు. పొద్దున ఒక కస్టమర్ ఫోన్ చేసి అడిగేదాకా మాకు తెలియనే లేదు, అదే మాకు ఎక్కువ సిగ్గుగా ఉంది.

మీ ఆర్డర్, పేమెంట్ రెండూ భద్రంగా ఉన్నాయి. డెలివరీ తేదీ మారదు. ఆగిపోయిన మెయిల్స్ అన్నీ మంగళవారం ఉదయం 9 గంటలకల్లా పంపేశాం.

మెయిల్ రాలేదని రెండోసారి ఆర్డర్ చేసి ఉంటే, ఆ ఆర్డర్ నంబర్ రాసి దీనికే రిప్లై ఇవ్వండి. క్యాన్సిల్ చేసి మొత్తం డబ్బు వెనక్కి పంపిస్తాం.

ఇకపై 15 నిమిషాలు మెయిల్స్ ఆగితే, ఎంత రాత్రయినా డ్యూటీలో ఉన్న ఇంజనీర్‌కి ఫోన్ మోగుతుంది.

ఇట్లు,
కస్టమర్ సపోర్ట్ టీమ్