మా బూరె కనబడటం లేదు (ఎంవీపీ కాలనీ, రైతు బజారు వెనక వీధి)

అందరికీ నమస్కారం. మా కుక్క బూరె నిన్న, శనివారం అక్టోబరు 25, రాత్రి 7.40కి తప్పిపోయింది. నాగుల చవితి కదా, పిల్లలు దీపావళికి మిగిలిన టపాసులు కాలుస్తున్నారు. నేను చెత్త బయట పెడదామని గేటు తీశాను, అప్పుడే ఎదురుగా పెద్ద బాంబు పేలింది. నా కాళ్ల పక్కనుంచి దూరి పరుగెత్తింది. పిల్లల తప్పేం లేదు, గేటు తీసి నిలబడింది నేనే.

బూరె నాటు కుక్క, ఆడది, నాలుగేళ్లు. పేరుకు తగ్గట్టే బూరె రంగు. చూడగానే వీధికుక్కే అనిపిస్తుంది, నా భయమంతా అదే. అందుకని గుర్తులు కాస్త జాగ్రత్తగా చూడండి. కుడి ముందు కాలికి మేజోడు తొడిగినట్టు తెలుపు. తోక చివర తెల్ల కుచ్చు. ఆపరేషన్ అయినప్పుడు కత్తిరించిన ఎడమ చెవి కొన. వీపు మీద రూపాయి బిళ్లంత చోట వెంట్రుకలు లేవు, మా దగ్గరికి రాకముందు ఎవరో వేడినీళ్లు పోసిన మచ్చ అది. మెడలో బెల్టు లేదు, పొద్దున స్నానం చేయించి తీశాం, మళ్లీ పెట్టలేదు.

రాత్రి 9.15కి రైతు బజారు దగ్గర ఒక మందుల షాపు కెమెరాలో అప్పుఘర్ వైపు పోతూ కనబడింది. ఈరోజు తెల్లవారుజామున 5.30కి ఏఎస్ రాజా గ్రౌండ్ గేటు దగ్గర ఆగి ఉన్న ఆటో కింద పడుకుని ఉందని వాకింగ్‌కి వచ్చిన ఒకాయన చెప్పారు. మేం వెళ్లేసరికి లేదు. ఆఖరుసారి చూసింది అక్కడే.

కనబడితే దయచేసి తరమకండి, పట్టుకోబోతే ఇంకా పారిపోతుంది. హెల్మెట్ పెట్టుకున్న వాళ్లంటే హడల్, తీసేసి పిలవండి. స్టీలు గిన్నె మీద చెంచాతో రెండుసార్లు కొట్టి ‘బూరీ, పెరుగన్నం’ అంటే చాలు, ఎక్కడున్నా చెవులు నిక్కబొడుచుకుంటుంది. కరవదు, రేబిస్ టీకా వేయించాం. దగ్గరికి రాకపోయినా ఫర్వాలేదు, ఒక ఫోటో తీసి చోటు చెప్పండి, మేం పది నిమిషాల్లో వస్తాం.

రేపటి నుంచి తుఫాను వానలంటున్నారు, అదో టెన్షన్. ఈ సాయంత్రం ఒక్కసారి మీ సెల్లార్‌లో, కార్ల కింద, మెట్ల కింద చూడండి. వాచ్‌మన్లకి కూడా చెప్పండి. మా అత్తయ్య గారు రాత్రి నుంచి గేటు దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

తెచ్చిచ్చిన వారికి 5,000 రూపాయలు ఇస్తాం.

ఈ మెసేజ్ వచ్చిన నంబరు నాదే. కాల్ అయినా వాట్సాప్ అయినా, అర్ధరాత్రయినా చేయండి. వేరే గ్రూపులకి పంపేవాళ్లు ఫోటో కత్తిరించకండి, నంబరు దాని కిందే ఉంది. నేరుగా వస్తే పారిజాతం చెట్టున్న పసుపు రంగు రెండంతస్తుల ఇల్లు, గేటుకి ‘కుక్క ఉంది జాగ్రత్త’ బోర్డు ఉంటుంది.

– సుజాత
ఆదివారం, అక్టోబరు 26, ఉదయం 8.30